మూత బిగించిన పాత్రలో తడి ఆవిరి

1679లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి వైద్యుడు లండన్‌లో ఒక మందపాటి లోహపు పాత్ర తయారుచేశాడు. మూతను మరలతో బిగించి కాస్తే, అందులో గట్టి ఎముకలు కూడా మెత్తబడేవి. 1682 ఏప్రిల్‌లో రాయల్ సొసైటీ సభ్యులకు దానితో వండిన విందు పెట్టాడు. ఆ ఎముకలు జున్నులా మెత్తగా ఉన్నాయని జాన్ ఎవెలిన్ తన డైరీలో రాసుకున్నాడు. నేటి ప్రెషర్ కుక్కర్‌కు పూర్వీకురాలు ఆ పాత్రే.

పాపిన్ దానికి బరువు వేలాడే మీట కవాటం కూడా పెట్టాడు. అది ఎంత అవసరమో తెలియాలంటే కవాటం లేని పాత్రను ఊహించుకోవాలి. పాత్ర పట్టేది 10 లీటర్లు. గాలంతా తీసేసి 1 కిలో నీరు పోసి మూసేశాం. ఎంత కాచినా నీరూ ఆవిరీ కలిసి 10 లీటర్లనే ఆక్రమించాలి, కిలో బరువూ మారదు.

100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆవిరి 5 గ్రాములే, తక్కినదంతా నీరు. మొత్తం బరువులో ఆవిరి వంతును పొడితనం అంటారు. ఇక్కడ అది అర శాతం. 120 డిగ్రీలకు ఆవిరి 10 గ్రాములవుతుంది, పీడనం 2 బార్లు. 200 డిగ్రీలకు 70 గ్రాములు, పీడనం పదిహేనున్నర బార్లు. 340 డిగ్రీలు దాటాక కాసేపటికి చివరి నీటి బొట్టు కూడా ఆవిరైపోతుంది.

ఇప్పుడు అదే పాత్రలో 8 కిలోల నీరు పోద్దాం. మొదట ఆవిరి పెరుగుతుంది. 100 డిగ్రీల దగ్గర గ్రామున్న ఆవిరి 200 దగ్గర దాదాపు 6 గ్రాములవుతుంది. ఆ తర్వాత కాచే కొద్దీ తగ్గిపోతుంది! వేడికి నీరు ఉబ్బి, ఆవిరికున్న చోటంతా ఆక్రమిస్తుంది. 250 డిగ్రీలకు ఆవిరి పూర్తిగా మాయమై పాత్ర నిండా నీరే ఉంటుంది. అప్పటి పీడనం 40 బార్లు. ఇంకో 10 డిగ్రీలు కాస్తే సుమారు 180 బార్లు. నీరు నొక్కితే అణగదు కదా, పాత్ర గోడలే ఆ ఒత్తిడిని భరించాలి.

కిలో నీటికి 3.1 లీటర్ల చోటు హద్దు. అంతకన్నా ఎక్కువ చోటుంటే పాత్ర చివరికి ఆవిరితో నిండుతుంది, తక్కువుంటే నీటితో నిండుతుంది. మన 10 లీటర్ల పాత్రకు ఆ హద్దు 3.2 కిలోలు.

పాత్ర దేనితో నిండబోతోందో పీడన మాపకం చూసి ముందుగా పసిగట్టలేం. నీరూ ఆవిరీ కలిసున్నంత కాలం పీడనాన్ని నిర్ణయించేది ఉష్ణోగ్రత ఒక్కటే. 200 డిగ్రీల దగ్గర రెండు పాత్రల్లోనూ ముల్లు పదిహేనున్నర బార్ల మీదే నిలుస్తుంది. ఎంత నీరు పోశామో ముందే తూచి తెలుసుకోవాలి. ఆ ఉష్ణోగ్రతకు ఆవిరి పట్టిక చెప్పే పీడనాన్ని ముల్లు దాటిందంటే పాత్ర నీటితో నిండిపోయిందని అర్థం, వెంటనే మంట ఆపాలి.

ఇంట్లో కుక్కర్‌కు కవాటం ఉంది కాబట్టి పీడనం 2 బార్ల దగ్గరే ఆగుతుంది. అయినా మూడింట రెండు వంతులకు మించి నింపకండి. మెతుకులూ నురగా పైకి లేచి ఆవిరి దారిని మూసేస్తే అది కూడా కవాటం లేని పాత్రే.