రెండో బ్రాంచికి మేనేజర్ రాసే లెక్క

విజయవాడ గవర్నర్‌పేటలో ఎనభై సీట్ల టిఫిన్, భోజన హోటల్ ఒకటి ఉందనుకుందాం. ఓనర్లు ఇద్దరన్నదమ్ములు. ఆదివారం పూట టేబుల్ కోసం జనం గుమ్మం దగ్గర నిలబడుతున్నారు. తమ్ముడికి పోరంకిలో ఇంకో బ్రాంచి పెట్టాలని ఉంది, అన్నకు అప్పంటే భయం. ఇద్దరూ మేనేజర్‌ను పిలిచి, "ఏం చేద్దామో కాగితం మీద పెట్టి చూపించండి" అన్నారు. ఇలాంటప్పుడు మేనేజర్ రాసే నోట్‌లో ఏముండాలో ఈ ఊహా హోటల్ లెక్కలతోనే చూద్దాం. అంకెలు ఉదాహరణకు వేసుకున్నవి, లెక్క కట్టే పద్ధతి మాత్రం ఏ హోటల్‌కైనా పనికొస్తుంది.

మొదటి పేజీ కొత్త బ్రాంచి గురించి కాదు, ఉన్న హోటల్ గురించి. జీఎస్టీ తీసేశాక నెలకు అమ్మకం 24 లక్షలు. సరుకులకు 8.64 లక్షలు, జీతాలకు 5.6 లక్షలు, కరెంటు, గ్యాస్, నీళ్లకు 2.2 లక్షలు, పార్శిల్ సామాను, డెలివరీ యాప్‌ల కమీషన్‌కు 1.3 లక్షలు, రిపేర్లకూ చిల్లర ఖర్చులకూ 1.26 లక్షలు పోతున్నాయి. మిగిలేది 5 లక్షలు. తమ్ముడి మనసులో ఉన్న అంకె ఇదే. ఇక్కడ ఐదు వస్తుంటే అక్కడ కనీసం మూడైనా రావా అని ఆయన ధీమా.

మేనేజర్ ఆ ఐదు లక్షల్లోంచి రెండు మొత్తాలు కొట్టేస్తాడు. హోటల్ నడిచే భవనం ఓనర్లదే కాబట్టి అద్దె లెక్కలోకి రాలేదు. అదే భవనం బయటివాళ్లకిస్తే నెలకు లక్షన్నర వస్తుంది. అన్న పొద్దున్నుంచి రాత్రి దాకా గల్లా పెట్టె దగ్గర కూర్చుంటాడు, జీతం తీసుకోడు. ఆ పనికి మనిషిని పెడితే 40 వేలు. ఈ రెండూ తీసేస్తే హోటల్ తన కష్టంతో తాను సంపాదిస్తున్నది 3.1 లక్షలే. పోరంకిలో సొంత భవనం లేదు, కౌంటర్ దగ్గర కూర్చోవడానికి రెండో అన్న లేడు. పోలిక పెట్టుకోవాల్సింది ఈ మూడు లక్షల పదివేలతోనే.

తర్వాత పెట్టుబడి. అరవై సీట్ల హోటల్‌కు అద్దె నెలకు 1.2 లక్షలనుకుంటే ఆరు నెలల అడ్వాన్సు 7.2 లక్షలు. వంటింటి సామానుకు 14 లక్షలు, ఇంటీరియర్, వైరింగ్, ప్లంబింగ్, పొగ గొట్టాలకు 18 లక్షలు. ఈ 32 లక్షలు కొటేషన్లలో ఉండే అంకెలు. చాలా నోట్లు ఇక్కడే తప్పుతాయి. ఇలాంటి హోటళ్లు కస్టమర్ దగ్గర 5 శాతం జీఎస్టీ వసూలు చేస్తాయి. ఆ పద్ధతిలో ఉన్నవాళ్లకు తాము కట్టిన జీఎస్టీని తిరిగి సర్దుకునే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ ఉండదు. బట్టల షాపువాడు ఏసీ కొంటే దాని మీద కట్టిన పన్ను సర్దుకోగలడు, హోటలువాడికి అది నికరంగా ఖర్చే. ఈ పనుల్లో, సామానులో చాలా వాటి మీద పన్ను 18 శాతం. మొత్తానికి అదే రేటు వేసుకుంటే 5.76 లక్షలు అదనం. లైసెన్సులు, డిపాజిట్లు, మొదటి సరుకు, తలుపులు తెరవకముందు ఇచ్చే జీతాలు కలిపి 4 లక్షలు. మొదటి నెలల నష్టం భరించడానికి పక్కన పెట్టేది 9 లక్షలు. అంతా కలిపితే దాదాపు 58 లక్షలు.

ఇప్పుడు అసలు ప్రశ్న. రోజుకు ఎంతమంది తింటే ఈ హోటల్ నష్టం లేకుండా నడుస్తుంది?

అద్దె మీద కూడా 18 శాతం జీఎస్టీ పడుతుంది. భవనం ఓనరుకు రిజిస్ట్రేషన్ లేకపోయినా, 2024 అక్టోబరు నుంచి వ్యాపార భవనాల విషయంలో రిజిస్ట్రేషన్ ఉన్న అద్దెదారే ఆ పన్ను కట్టాలి. కాబట్టి 1.2 లక్షల అద్దె నిజానికి 1.42 లక్షలు. మాస్టర్లు, సప్లయర్లు, క్లీనర్లు, బ్రాంచి చూసుకునే మనిషి కలిపి పద్దెనిమిది మందికి పీఎఫ్, ఈఎస్ఐతో 3.3 లక్షలు. కొత్త చోట ఇరవై మంది లేరు కదా, పీఎఫ్ అక్కర్లేదని కొందరనుకుంటారు. చట్టం దృష్టిలో బ్రాంచి వేరే సంస్థ కాదు, పాత హోటల్‌కు పీఎఫ్ ఉంటే కొత్తదానికీ ఉన్నట్టే. మిగతా స్థిర ఖర్చులు 78 వేలు. మొత్తం 5.5 లక్షలు. ఒక్క ఇడ్లీ అమ్మకపోయినా నెల తిరిగేసరికి ఇది కట్టి తీరాలి.

వంద రూపాయల అమ్మకంలో సరుకులకు 38, గ్యాస్, కరెంటుకు 7, పార్శిల్, కమీషన్లకు 5 పోతాయి. మిగిలే 50 రూపాయలే స్థిర ఖర్చును మోయాలి. అంటే నెలకు 11 లక్షల అమ్మకం ఉంటేనే లాభం లేదు, నష్టం లేదు. మనిషికి సగటు బిల్లు 90 రూపాయలైతే రోజుకు సుమారు 407 మంది రావాలి. అరవై సీట్లు రోజులో దాదాపు ఏడుసార్లు నిండాలి. ఈ మాట వినగానే అన్నదమ్ములిద్దరికీ విషయం కళ్లకు కడుతుంది. 11 లక్షలంటే ఎక్కువో తక్కువో తెలియకపోవచ్చు గానీ, పొద్దున నాలుగుసార్లు, మధ్యాహ్నం రెండుసార్లు, సాయంత్రం ఒకసారి హాలు నిండటమంటే ఎలా ఉంటుందో వాళ్లకు బాగా తెలుసు.

అమ్మకం 14 లక్షలకు చేరితే నెలకు లక్షన్నర లాభం. అడ్వాన్సు తిరిగొచ్చేదే గనుక దాన్నీ, నష్టానికి పక్కన పెట్టినదాన్నీ వదిలేస్తే మిగిలిన 42 లక్షలు రావడానికి 28 నెలలు. ఇక్కడ ఆగిపోతే నోట్ అందంగానే ఉంటుంది. మేనేజర్ ఇంకో అడుగు వేసి పాత హోటల్ బిల్లులు తిరగేస్తాడు. పోరంకి, కానూరు వైపు నుంచి వచ్చే పార్శిల్ ఆర్డర్లు, కుటుంబాలు కలిపి నెలకు లక్ష రూపాయల అమ్మకం ఉందని తేలింది. కొత్తది తెరిస్తే వాళ్లు అక్కడికే పోతారు. వాళ్లు కొత్త కస్టమర్లు కారు, ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మారిన డబ్బు. దానివల్ల పాత హోటల్లో నెలకు 50 వేలు తగ్గుతాయి. అప్పుడు కుటుంబానికి అదనంగా వచ్చేది లక్ష మాత్రమే, పెట్టుబడి వెనక్కి రావడానికి పట్టేది 42 నెలలు. రెండేళ్ల మాట కాస్తా మూడున్నరేళ్లయింది.

గడువుల పట్టికను కూడా ఇదే కంటితో రాయాలి. ఏ నెలలో ఏ పని అన్నది ఎవరైనా రాస్తారు. ఏది తేలకపోతే తర్వాతి పనికి పోకూడదన్నది రాయడమే మేనేజర్ పని.

మొదటి రెండు నెలలు పరీక్షలకే. మాస్టర్ చేతి అంచనాతో నడిచే వంటలన్నీ తూకాల్లోకి రావాలి. సాంబారుకు కందిపప్పు ఎంత, చింతపండు ఎంత, అల్లం పచ్చడికి బెల్లం ఎంతో గ్రాముల్లో రాయాలి. ఆ తర్వాత పెద్ద మాస్టర్‌కు వారం సెలవిచ్చి, రెండో మాస్టర్‌తో ఆ కాగితం చూసి వండించాలి. ప్లేట్లలో వదిలేసిన సాంబారు పెరిగినా, సరుకుల ఖర్చు అమ్మకంలో 37 శాతం దాటినా, వంట ఇంకా ఆ ఒక్క మనిషి చేతిలోనే ఉందన్నమాట. అతన్ని పోరంకి పంపితే గవర్నర్‌పేట పడిపోతుంది, పంపకపోతే పోరంకి లేవదు. ఇదే సమయంలో పోరంకిలో ఆ రకం హోటళ్ల ముందు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి మనుషులను లెక్కపెట్టాలి, మామూలు రోజూ, ఆదివారమూ.

మూడు, నాలుగు నెలలు భవనానికి. అడ్వాన్సు ఇచ్చేలోపు భవనానికి వాణిజ్య అనుమతి ఉందా, కరెంటు లోడు చాలుతుందా, పొగ గొట్టం పైకప్పు దాకా తీయడానికి పై అంతస్తువాళ్లు ఒప్పుకుంటారా, వంటింటి మురుగు ఎక్కడికి పోతుంది అన్నవి తేలాలి. వీటిలో ఒక్కటి కుదరకపోయినా ఆ భవనం వదిలేయాలి. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లీజులో మధ్యలో ఖాళీ చేయకూడని గడువు ఏడాది మించకుండా చూసుకోవాలి, పనులు జరిగే నెలలకు అద్దె లేకుండా అడగాలి. ఫుడ్ లైసెన్సు చిరునామాకు ఒకటి చొప్పున ఉంటుంది, పాతది కొత్త చోట చెల్లదు.

ఐదు నుంచి ఏడో నెల దాకా పనులు, మనుషుల నియామకం. కొత్తవాళ్లు చివరి నెల పాత హోటల్లోనే పని నేర్చుకుంటారు. ఎనిమిదో నెలలో తెరుస్తారు, కానీ టిఫిన్లతోనే. పన్నెండు మందితో స్థిర ఖర్చు 4.6 లక్షలకు తగ్గుతుంది. అమ్మకం 6 లక్షలున్నా నెల నష్టం 1.6 లక్షలు, మూడు నెలలకు 4.8 లక్షలు. పదకొండో నెలలో భోజనం మొదలవుతుంది. అమ్మకం 9 లక్షలకు వస్తే నెలకు లక్ష నష్టం, ఇంకో మూడు నెలలకు 3 లక్షలు. పక్కన పెట్టిన 9 లక్షల్లో 7.8 ఇలా పోవచ్చని ముందే తెలిసి ఉంటే, నాలుగో నెలలో నష్టం చూసి ఎవరూ కంగారుపడరు.

తెరిచిన కొత్తలో వచ్చే జనాన్ని నమ్మకూడదని కూడా నోట్‌లో ఉంటుంది. బంధువులు, స్నేహితులు, రుచి చూద్దామని వచ్చినవాళ్లతో మొదటి నెల కళకళలాడుతుంది. చూడాల్సింది మూడో నెల నుంచి మామూలు మంగళవారం అమ్మకం. భోజనం మొదలై మూడు నెలలైనా సగటు 9 లక్షలకు చేరకపోతే, లీజు గడువు చూసుకుని మూసేయాలి. అప్పుడు అడ్వాన్సు తిరిగొస్తుంది, సామాను అమ్మితే 5 లక్షలు రావచ్చు, ఇంటీరియర్‌కు పైసా రాదు. 58లో పోయేది 46 లక్షలు. ఈ అంకెను మేనేజర్ రెండుసార్లు రాస్తాడు, మొదటి పేజీలోనూ చివరి పేజీలోనూ. అన్నకు అప్పంటే ఎందుకు భయమో ఆయన ఇంతకాలం అంకెల్లో చెప్పలేకపోయాడు. ఆ భయం విలువ ఇదే. పాత హోటల్ నెలకు 3.1 లక్షలు నిజంగా సంపాదిస్తోంది కాబట్టి, ఆ నష్టం తీరడానికి పదిహేను నెలలు పడుతుంది. ఇల్లు తాకట్టు పెట్టకుండా ఆ పదిహేను నెలలు తట్టుకోగలమా అన్నది తేల్చుకోవాల్సింది అన్నదమ్ములే.

నోట్ చివర మేనేజర్ 58 లక్షలు అడగడు. "మొదటి రెండు నెలల పరీక్షలకు 60 వేలు మంజూరు చేయండి. తూకాల వంట, పోరంకి జనం లెక్క తేలాక భవనం సంగతి మాట్లాడుకుందాం" అని రాసి సంతకం పెడతాడు. తమ్ముడికి పని మొదలైనట్టూ ఉంటుంది, అన్నకు అప్పు చేయనక్కర్లేదు.