సరుకు సిద్ధం, పేరేది?

కొత్త సరుకుకు పేరు అనగానే ముందుగా తోచేది దాని గుణం చెప్పే మాట. మొలకెత్తిన రాగులతో మాల్ట్ పొడి చేసే చిన్న సంస్థ అయితే ‘శక్తి రాగి’, ‘బలం మాల్ట్’ అంటుంది. అర్థం ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు, ప్రకటనల ఖర్చూ తగ్గుతుంది. చిక్కల్లా ఒకటే. రేపు పక్క ఊళ్లో మాల్ట్ మొదలుపెట్టేవారికీ అవే మాటలు కావాలి. అందుకే సరుకు రకాన్నో నాణ్యతనో మాత్రమే తెలిపే మాటను ఒకరి సొత్తుగా రాసివ్వడానికి 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం మామూలుగా ఒప్పుకోదు. ఏళ్ల వాడకంతో ఆ మాట వినగానే ఒకే కంపెనీ గుర్తుకొచ్చే స్థితి వస్తే మినహాయింపు ఉంది గానీ, కొత్తవారికి అది దక్కదు. పురాణాల పేర్లదీ ఇంచుమించు ఇదే కథ. అగరుబత్తులకు ‘రామాయణ్’ పేరు గురించిన వివాదంలో, పవిత్ర గ్రంథం పేరు ఏ ఒక్క వ్యాపారి సొత్తూ కాజాలదని సుప్రీంకోర్టు 2015లో తేల్చింది.

ఇందుకు పూర్తి విరుద్ధం, ఏ అర్థమూ లేకుండా కల్పించిన ‘కొడాక్’ లాంటి పేరు. చట్టం దానికి గట్టి రక్షణ ఇస్తుంది. కానీ అది దేని పేరో జనానికి నేర్పడానికి బోలెడు డబ్బు కావాలి. చిన్న సంస్థకు నప్పేది నడిమి దారి, అంటే సరుకును నేరుగా చెప్పకుండా సూచించే మాట. పొద్దున్నే తాగే మాల్ట్‌కు ‘వేకువ’ అలాంటిదే.

తెలుగువారికి అది అందమైన పేరు. సరుకు కోల్‌కతా చేరితే కథ మారుతుంది. బెంగాలీలు ‘వ’ను ‘బ’గా పలుకుతారు, ‘బేకుబ్’ అంటే అక్కడ తెలివితక్కువవాడు. ఈ ప్రమాదం నిఘంటువులో దొరకదు, చెవికే తెలుస్తుంది. అందుకే అమ్మబోయే ప్రతి భాషవారికీ పేరును ఫోన్‌లో ఒక్కసారి చెప్పి రాయమనాలి. మర్నాడు మళ్లీ అడగాలి. తప్పు రాసినా, మరచిపోయినా, నవ్వినా సంగతి తేలిపోతుంది. దురదృష్టాన్ని మాత్రం ఏ పరీక్షా పట్టదు. టాటా మోటార్స్ ‘జికా’ అని ప్రకటించిన కారు మార్కెట్లోకి రాకముందే అదే శబ్దం గల వైరస్ ప్రపంచాన్ని భయపెట్టింది. 2016లో ఆ కారు ‘టియాగో’గా బయటికొచ్చింది.

పేర్ల తగాదాల్లోనూ తీర్పరి చెవే. లాహోర్‌లో పుట్టిన ‘అమృత్‌ధార’ మందు 1903 నుంచి ఆ పేరుతో అమ్ముడయ్యేది. కాన్పూర్ సంస్థ ఒకటి అలాంటి మందునే ‘లక్ష్మణ్‌ధార’గా అమ్ముతూ 1950లో రిజిస్ట్రేషన్ కోరింది. అమృతం వేరు, లక్ష్మణుడు వేరు కదా అని హైకోర్టు భావించింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కొనేవాడు మాటను ముక్కలు చేసి అర్థాలు వెతకడని, మసక జ్ఞాపకంతో మొత్తం పేరు వినికిడినే పోల్చుకుంటాడని 1962లో చెప్పింది. అయినా పాత కంపెనీ చాలాకాలం చూస్తూ ఊరుకున్నందువల్ల రెండో పేరును ఉత్తరప్రదేశ్ వరకు ఉండనిచ్చింది. నేటికీ న్యాయస్థానాలు వాడే కొలత ఆ మసక జ్ఞాపకమే.

కాబట్టి మాల్ట్ సంస్థ ఈసారి ‘చిగురు’ అనుకుంటే, ట్రేడ్ మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఆ ఒక్క స్పెల్లింగ్ వెతికి ఊరుకుంటే సరిపోదు. ‘చిగుర్’, ‘సిగురు’ వంటి దగ్గరి శబ్దాలనూ చూడాలి. తమిళంలో ‘చ’, ‘స’లకు తరచూ ఒకే అక్షరం వాడతారు మరి. సరుకులనూ సేవలనూ చట్టం 45 తరగతులుగా విభజించింది. పిండి, ధాన్యపు సరుకులు 30వ తరగతి కిందికి వస్తాయి. పాలు, పచ్చళ్ల 29, శీతల పానీయాల 32, పసిపిల్లల ఆహారపు 5 తరగతులనూ తిరగేయడం మంచిది. దగ్గరి సరుకుపై అదే పేరు ఉంటే కొనేవాడు పొరబడే అవకాశముంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోవి. ఆన్‌లైన్‌లో ఒక తరగతికి వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఫీజు 4,500 రూపాయలు, మిగతావారికి 9,000. పరీక్షలో నెగ్గిన పేరును జర్నల్‌లో ప్రచురిస్తారు. అక్కడి నుంచి 4 నెలల్లోగా ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. రిజిస్ట్రేషన్ గడువు 10 ఏళ్లు, ఆపైన పొడిగించుకోవచ్చు.

అంతా సవ్యంగా జరిగినా ఒక లోటు మిగులుతుంది. రిజిస్టరు చేయని పాత వాడుకరి రిజిస్ట్రీలో కనపడడు, కానీ కోర్టులో గెలవగలడు. తిరునల్వేలి ‘ఇరుట్టుకడై’ హల్వా కేసులో ముందు నుంచీ వాడుతున్నవారి హక్కే పైచేయి అని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. అందుకే సంతలు, కిరాణా దుకాణాలు, ఆన్‌లైన్ అంగళ్లు కూడా గాలించాలి. సొంత పేరు మీద తొలి బిల్లు, తొలి ప్యాకెట్ ముద్రణ రసీదు తేదీలతో సహా దాచుకోవాలి. ఎవరు ముందన్న ప్రశ్న వస్తే కోర్టు అడిగేది వాటినే.