గ్లాసులో నీళ్లు సగం మరిగి, సగం గడ్డకట్టవెందుకు?

బల్ల మీద గ్లాసులో నీళ్లున్నాయి. అందులో ఒక పక్క తనంతట తాను వేడెక్కి, రెండో పక్క చల్లబడడం ఎవరూ చూడలేదు. అలాగని లోపల వేడి కదలడం లేదని కాదు. అణువులు ఢీకొన్నప్పుడల్లా అది అటూ ఇటూ జరుగుతూనే ఉంటుంది. జరిగిన ప్రతిసారీ పుట్టే చిన్న తేడా పెరగకుండా సర్దుకుపోతుంది. అదెలాగో చిన్న లెక్కతో తేలుతుంది.

300 కెల్విన్ దగ్గర, అంటే సుమారు 27 డిగ్రీల వద్ద, రెండు కిలోల నీళ్లు తీసుకుందాం. మధ్యలో ఒక గీత ఉందనుకుందాం. ఎడమ కిలో నుంచి 4200 జౌళ్ల వేడి కుడి కిలోలోకి జరిగింది. కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి దాదాపు అంతే కావాలి. కాబట్టి ఎడమ వైపు 299కి దిగింది, కుడి వైపు 301కి ఎక్కింది. వేడిని ఉష్ణోగ్రతతో భాగిస్తే ఎంట్రోపీలో వచ్చే మార్పు తెలుస్తుంది. ఎడమ వైపు సగటున 299.5 దగ్గర వేడిని వదులుకుంది కనుక దానికి 14.023 తగ్గింది. కుడి వైపు 300.5 దగ్గర పుచ్చుకుంది కనుక దానికి 13.977 మాత్రమే పెరిగింది. మొత్తం మీద 0.047 నష్టం. బయటితో సంబంధం లేని వస్తువులో మొత్తం ఎంట్రోపీ తనంతట తాను తగ్గదన్నది రెండో నియమం. అందుకే ఆ తేడా నిలవదు.

ఇప్పుడు నీటి ఉష్ణధారణను రుణాత్మకం చేసి చూద్దాం. అంటే వేడి పుచ్చుకున్నది చల్లబడుతుంది, ఇచ్చింది వేడెక్కుతుంది. అంకెలు తారుమారై 0.047 లాభం వస్తుంది. చల్లబడిన సగం ఇంకా వేడిని లాక్కుంటుంది, లాక్కున్నకొద్దీ ఇంకా చల్లబడుతుంది. ఇదివరకు తేడాను చెరిపిన నియమమే ఇప్పుడు దాన్ని ఎగదోస్తుంది. ధనాత్మక ఉష్ణధారణ లేకపోతే గ్లాసులో నీళ్లు క్షణం కూడా ఒకే తీరుగా ఉండలేవు.

సంపీడ్యత కథా ఇదే. ఒకే ఉష్ణోగ్రతలో ఉన్న వాయువు మధ్య పిస్టన్ కొంచెం కుడికి జరిగితే, ఎడమ వైపు పీడనం తగ్గి, కుడి వైపు పెరిగి పిస్టన్‌ను వెనక్కి నెడుతుంది. వ్యాకోచించినకొద్దీ పీడనం పెరిగే పదార్థమైతే ఎడమ వైపే గెలుస్తూ పోతుంది. ఎక్కువ పీడనం ఉన్న వైపు వ్యాకోచిస్తేనే మొత్తం ఎంట్రోపీ పెరుగుతుంది కనుక రెండో నియమం దాన్ని ఆపదు.

వాన్ డెర్ వాల్స్ 1873లో ఇచ్చిన సమీకరణంలో సరిగ్గా ఇలాంటి వంపు ఒకటుంది. ఆ వంపు మీద ఏ పదార్థమూ ఏకరీతిగా నిలవదు, ద్రవంగా, ఆవిరిగా విడిపోతుంది. వంటింటి గ్యాస్ సిలిండర్‌ను ఊపితే లోపల ద్రవం కదలడం తెలుస్తుంది. పైన ఆవిరి, కింద ద్రవం. ఆ విభజన వెనుక ఉన్నది ఈ అస్థిరతే.

ఈ వాదనకు ఒక హద్దుంది. గీత గీసి, రెండు సగాల శక్తినీ విడివిడిగా కూడాం. గురుత్వాకర్షణ రాజ్యమేలే చోట అలా కూడడం కుదరదు. అందుకే నక్షత్రం శక్తిని పోగొట్టుకుంటే కుంచించుకుపోయి మరింత వేడెక్కుతుంది. అంటే దానిది రుణాత్మక ఉష్ణధారణ. సూర్యుడి గర్భంలో హైడ్రోజన్ సంలీనం కాస్త ఎక్కువైతే, ఆ అదనపు శక్తితో గర్భం వ్యాకోచించి చల్లబడుతుంది, సంలీనం మళ్లీ నెమ్మదిస్తుంది.