నో కాస్ట్ ఈఎంఐలో కనిపించని ఖర్చు

ఫోను ధర 30 వేలు. నెలకు 5 వేల చొప్పున 6 నెలలు కడితే ఫోను మనదే. ఐదారులు ముప్పై. లెక్క సరిపోయింది కాబట్టి వడ్డీ లేదనుకుని చాలామంది కార్డు తీసి ఇచ్చేస్తారు. కానీ ఇక్కడ అప్పు ఇస్తున్నది షాపు కాదు, బ్యాంకు. ఏ బ్యాంకూ 6 నెలల పాటు వేల రూపాయలు ఊరికే ఇవ్వదు. వడ్డీ ఉంది. అది ఎక్కడుందో, దాని వెనకే ఇంకేం వచ్చి చేరుతున్నాయో తెలిస్తే ఆ ఫోను మనకు ఎంతకు పడిందో తేలిపోతుంది.

భారతీయ రిజర్వు బ్యాంకు ఈ విషయం 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు తేల్చి చెప్పింది. సున్నా వడ్డీ అనేది అసలు ఉండదనీ, ఇలాంటి పథకాల్లో వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు వంటి రూపాల్లో ఖాతాదారు నుంచే రాబడుతున్నారనీ అన్నది. 2022లో క్రెడిట్ కార్డుల మీద ఇచ్చిన ఆదేశాల్లో మరో అడుగు ముందుకు వేసింది. కొనుగోలును ఈఎంఐగా మార్చే ముందే అసలు ఎంత, వడ్డీ ఎంత, వడ్డీ భారం లేకుండా చేయడానికి ఇచ్చిన డిస్కౌంటు ఎంత అన్నవి విడివిడిగా చూపాలని, నెలనెలా వచ్చే స్టేట్‌మెంటులో కూడా అవి కనిపించాలని చెప్పింది. అందుకే ఇప్పుడు వివరాలు మన కళ్ల ముందే ఉంటున్నాయి. వాటిని చదివేవాళ్లే తక్కువ.

మన 30 వేల ఫోనునే తీసుకుందాం. బ్యాంకు ఏడాదికి 15 శాతం వడ్డీ వేస్తుందనుకుందాం. మన ఊళ్లలో చెప్పుకునే లెక్కలో రూపాయి పావలా వడ్డీ. 6 నెలలకు ఆ వడ్డీ 1,270 రూపాయలు అవుతుంది. అమ్మేవాళ్లు ఆ 1,270ని ముందుగానే ధరలో తగ్గించి, కార్డు మీద 28,730 మాత్రమే వేస్తారు. దాని మీద బ్యాంకు తన వడ్డీ కలుపుకుంటే మళ్లీ 30 వేలే అవుతుంది. అంటే వడ్డీ మాయం కాలేదు. డిస్కౌంటు రూపంలో మనకు వచ్చినట్టే వచ్చి, నెలనెలా వడ్డీ రూపంలో బ్యాంకుకు వెళ్లిపోతోంది.

ఇంతవరకు మనకు నష్టమేమీ లేదు. నష్టం ఇక్కడి నుంచే మొదలవుతుంది. క్రెడిట్ కార్డు వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఉంది. అమ్మేవాళ్లు వడ్డీకి సరిపడా డిస్కౌంటు ఇస్తారు గానీ, ఆ వడ్డీ మీద పడే పన్నును సాధారణంగా మనకే వదిలేస్తారు. 1,270 మీద 229 రూపాయలు. ఇది ఒక్కసారిగా పడదు. మొదటి నెల 65, రెండో నెల 54, అలా తగ్గుతూ చివరి నెల 11 రూపాయలుగా బిల్లులో వేరే వరుసలో వస్తుంది. వాయిదా 5 వేలని చెప్పి మొదటి బిల్లు ఎక్కువ వేశారేమిటని జనం తికమకపడేది ఇందుకే. ఆ మొదటి బిల్లులోనే ప్రాసెసింగ్ ఫీజు కూడా ఉంటుంది. అది 199 అయితే జీఎస్టీతో 235 రూపాయలు. రెండూ కలిపితే 464. ఫోను ఇప్పుడు 30,464కు పడింది.

అసలు పెద్ద ఖర్చు మాత్రం ఏ బిల్లులోనూ రాదు. నో కాస్ట్ ఈఎంఐ ఎంచుకున్నందుకు మనం వదులుకున్న డిస్కౌంటు అది. పండగ సేల్‌లో అదే ఫోనుకు మొత్తం డబ్బు ఒకేసారి కడితే 1,500 తగ్గింపు ఉండి, అది ఈఎంఐకి వర్తించదనుకుందాం. అప్పుడు ఫోను నగదు ధర 28,500. ఈఎంఐలో పడింది 30,464. తేడా 1,964 రూపాయలు. నో కాస్ట్ అన్న మాట వెనక ఉన్న నిజమైన ఖర్చు ఇదీ.

28,500 మీద 1,964 అంటే 7 శాతమేగా అనిపిస్తుంది. అక్కడే పొరబడతాం. ఆ 28,500 మన దగ్గర 6 నెలలూ పూర్తిగా ఉండదు. మొదటి నెలలోనే 5 వేలు వెనక్కి వెళ్తుంది, ఆపైన ప్రతి నెలా అప్పు కరుగుతూనే ఉంటుంది. సగటు తీస్తే ఆ 6 నెలలూ మన మీదున్న అప్పు సగానికి కాస్త ఎక్కువ, దాదాపు 16,600. అంత సొమ్ముకు అర్ధ సంవత్సరంలో 1,964 కట్టామంటే ఏడాదికి 23 శాతం పైమాటే. ఇంచుమించు నూటికి రెండు రూపాయల వడ్డీ. రూపాయి పావలా వడ్డీ కూడా లేదనుకుని తీసుకున్న అప్పు రెండు రూపాయల వడ్డీకి తేలింది.

అలాగని ప్రతి నో కాస్ట్ ఈఎంఐనీ తప్పు పట్టలేం. ఒకేసారి కట్టినా ధర 30 వేలే అయితే మనం అదనంగా ఇచ్చేది 464 మాత్రమే. ఏడాది లెక్కన 5 శాతం చిల్లర. అంత తక్కువకు అప్పు బయట దొరకదు. నిక్షేపంగా తీసుకోవచ్చు. కాబట్టి పథకం పేరు చూసి మంచిచెడ్డలు తేల్చకూడదు. నగదు ధర తెలిస్తేనే అది తేలుతుంది.

షాపుల్లో ఫైనాన్సు కంపెనీలిచ్చే వాయిదాల్లో ఇంకో మెలిక ఉంది. 10 నెలల వాయిదా అంటారు గానీ రెండు వాయిదాలు కొన్న రోజే కట్టించుకుంటారు. అప్పు నిజానికి 8 నెలలే, అదీ తక్కువ మొత్తానికి. ఫీజు మాత్రం తగ్గదు. దానికి తోడు పొడిగించిన వారంటీ, బీమా అంటూ కొన్ని వందలు అడక్కుండానే కలిపేస్తుంటారు. ఇలాంటి అప్పులకు ఫీజులన్నీ కలిపిన ఏడాది వడ్డీ రేటు చూపే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే పత్రం ఇవ్వాలన్న నిబంధన ఉంది. సంతకం పెట్టే ముందు దాన్ని అడిగి తీసుకుని, ఆ రేటు ఎంతో చూడండి.

వస్తువు వెనక్కి ఇవ్వాల్సి వస్తే కూడా జాగ్రత్త. అమ్మినవాళ్లు కార్డు మీద వేసిన 28,730 తిరిగి ఇస్తారు. అప్పటికే బిల్లులో పడిన వడ్డీ, జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మాత్రం చాలాసార్లు తిరిగి రావు. పైగా రీఫండ్ వచ్చినంత మాత్రాన ఈఎంఐ దానంతట అదే ఆగుతుందన్న నమ్మకం లేదు. తర్వాతి స్టేట్‌మెంటులో వాయిదా కనిపిస్తే వెంటనే బ్యాంకుకు చెప్పి రద్దు చేయించాలి.

ఇక పోల్చడం ఎలాగంటారా? ఆన్‌లైన్‌లో అయితే డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లండి. ముందు పూర్తి చెల్లింపు ఎంచుకుని, కార్డు ఆఫర్లన్నీ పోగా చివరికి ఎంత వస్తుందో రాసుకోండి. తర్వాత నో కాస్ట్ ఈఎంఐ నొక్కి, వివరాలు తెరిచి, వడ్డీ ఎంతో చూడండి. ఆ వడ్డీలో 18 శాతం, ఫీజు, ఫీజు మీద జీఎస్టీ లెక్కగట్టి మొత్తం వాయిదాలకు కలపండి. షాపులో అయితే ఈఎంఐ మాట ఎత్తకముందే, ఇప్పుడే మొత్తం కట్టేస్తే ఎంతకిస్తారని అడగండి. అదే మోడల్‌కు ఇంకో షాపులో నగదు ధర కూడా కనుక్కోండి.

చేతిలో రెండు అంకెలుంటాయి. వాటి తేడా నాలుగైదు వందల్లో ఉంటే వాయిదాలకు వెళ్లండి. వేలల్లో ఉంటే డబ్బు కూడబెట్టుకుని రెండు నెలలు ఆగి కొనడమే లాభం. నెలకు ఎంత కట్టాలన్నది కాదు, మొత్తం ఎంత కడుతున్నామన్నదే వస్తువు ధర. ఆ అంకె కాగితం మీద రాసుకోనిదే కార్డు బయటికి తీయకండి.