మెషీన్‌లోకి నీళ్లు ఎక్కడ ఆగాయి?

మా అపార్ట్‌మెంట్‌లో పైన ట్యాంకు కడిగించిన మర్నాడే మా ఇంట్లో వాషింగ్ మెషీన్ మొరాయించింది. నీళ్లు సన్నటి ధారగా పడుతూనే ఉన్నాయి, కాసేపటికి బీప్‌మంటూ ఎర్రర్ వచ్చింది. కంపెనీని బట్టి ఈ ఎర్రర్ IE అనో, 4C అనో, 4E అనో కనిపిస్తుంది. అనుకున్న సమయంలో డ్రమ్ములోకి చాలినన్ని నీళ్లు రాలేదని దాని అర్థం. ఎందుకు రాలేదో మాత్రం అది చెప్పదు.

తేల్చడానికి ఒక బకెట్ చాలు. కుళాయి కట్టేసి, మెషీన్ ప్లగ్గు తీసి, వెనక ఉన్న పైపును మెషీన్ వైపు విప్పాను. దాని కొసను 10 లీటర్ల బకెట్‌లో పెట్టి కుళాయి తిప్పితే, నిండడానికి రెండు నిమిషాలు దాటింది. గోడలో ఉన్న కుళాయిని చూస్తే సగమే తెరిచి ఉంది. ట్యాంకు పనికి వచ్చినవాళ్లు కట్టి, మళ్లీ పూర్తిగా తిప్పలేదు. పూర్తిగా తెరిస్తే బకెట్ నిమిషంలోపే నిండింది.

అయినా పైపు బిగించి నడిపితే మెషీన్‌లో ధార సన్నగానే ఉంది. బకెట్‌లోకి ధారాళంగా వచ్చి, మెషీన్‌లోకి రావడం లేదంటే అడ్డు మెషీన్ ముఖద్వారంలోనే ఉందన్నమాట. పైపు బిగించే చోట లోపల చిన్న ప్లాస్టిక్ జల్లెడ ఉంటుంది. దాని మధ్యనున్న బొడిపెను కటింగ్ ప్లేయర్‌తో మెల్లగా పట్టి లాగితే బయటికొస్తుంది. మా జల్లెడ నిండా ఇసుక, తుప్పు పొరలు. ట్యాంకు కడిగినప్పుడు కదిలిన మడ్డి పైపుల్లోకి దిగి అక్కడ చేరింది. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కుళాయి కింద కడిగితే సరిపోయింది. బోరు నీళ్ల ఉప్పు గారలా గట్టిపడి ఉంటే కాసేపు వెనిగర్‌లో నానబెట్టి రుద్దాలి.

జల్లెడే అడ్డమని దాన్ని తీసేసి మెషీన్ నడపకండి. ఇసుక రేణువు లోపలి వాల్వులో ఇరుక్కుంటే అది పూర్తిగా మూసుకోదు, స్విచ్ కట్టేసినా నీళ్లు నిండుతూనే ఉంటాయి.

కుళాయి పూర్తిగా తెరిచాక కూడా బకెట్‌లోకే ధార సన్నగా వస్తుంటే, కుళాయిలోనో పైపులోనో అడ్డు లేదని చూసుకున్నాక, ఒత్తిడిని అనుమానించాలి. ట్యాంకులో నీటిమట్టం కుళాయికి 10 మీటర్లు పైన ఉంటే సుమారు 1 బార్ ఒత్తిడి వస్తుంది. పై అంతస్తులో ఆ ఎత్తు రెండు మూడు మీటర్లే, అంటే 0.2, 0.3 బార్. కొన్ని మెషీన్లకు అది చాలదు. మీ మెషీన్‌కు కనీసం ఎంత కావాలో దాంతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. అంతకంటే తక్కువైతే జల్లెడ ఎన్నిసార్లు కడిగినా లాభం లేదు, ప్రెషర్ పంపు పెట్టించుకోవాల్సిందే.

బకెట్ బాగా నిండి, జల్లెడ శుభ్రంగా ఉండి, అయినా నీళ్లు రాకపోతే అది వాల్వు లోపం కావచ్చు. అప్పుడు మెకానిక్‌ను పిలవండి.