రాజీనామా లేఖలో ఒక్క తేదీ

హైటెక్ సిటీ, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఉద్యోగం మానేసేవాళ్లలో చాలామంది ఇంకో కంపెనీలో చేరడానికే మానేస్తారు. పీఎఫ్ బదిలీ, ఆరోగ్య బీమా, జీతం ఖాతా అన్నీ కొత్త కంపెనీ చూసుకుంటుంది. అందుకే వాళ్ల రాజీనామా లేఖ రెండు వాక్యాల్లో తేలిపోయినా నష్టం లేదు. సొంతంగా ఫ్రీలాన్స్ పని చేసుకుందామని బయటికొచ్చే ఇంజనీరు సంగతి వేరు. అవతల ఏ హెచ్ఆర్ విభాగమూ ఎదురు చూస్తూ ఉండదు. తన లేఖలో రాసిన ఒక తేదీ, అంటే ఆఖరి పనిదినం, ఎంత డబ్బు చేతికి వస్తుందో, ఏ రోజు నుంచి సొంత పనికి బిల్లు వేయవచ్చో తేలుస్తుంది.

ఉదాహరణకు 2021 ఆగస్టు 2న ఉద్యోగంలో చేరిన ఒక ఇంజనీరును తీసుకుందాం. నోటీసు గడువు 90 రోజులు. గ్రాట్యుటీ లెక్కకు వచ్చే నెల జీతం 60,000 రూపాయలు. 2026 ఏప్రిల్‌లో ఒక క్లయింట్ దొరికాడు, ధైర్యం కుదిరింది. ఏప్రిల్ 20న లేఖ ఇస్తే ఆఖరి రోజు జులై 19 అవుతుంది. అప్పటికి అయిదేళ్ల సర్వీసు నిండటానికి ఇంకా రెండు వారాలు తక్కువ. అదే లేఖ మే 11న ఇస్తే ఆఖరి రోజు ఆగస్టు 9. అయిదేళ్లు నిండిపోతాయి.

ఆ మూడు వారాల విలువ ఎంతో లెక్కేయడం కష్టం కాదు. నెల జీతాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే ఒక ఏడాది సర్వీసుకు వచ్చే గ్రాట్యుటీ తేలుతుంది. 60,000కు అది దాదాపు 34,615 రూపాయలు. అయిదేళ్లకు 1,73,077. కొత్తగా ఫ్రీలాన్సింగ్ మొదలుపెట్టి, మొదటి బిల్లు డబ్బు ఎప్పుడు వస్తుందో తెలియని మనిషికి రెండు మూడు నెలల ఇంటి ఖర్చు అది. చట్టం ప్రకారం చెల్లించాల్సి వచ్చిన రోజు నుంచి 30 రోజుల్లో కంపెనీ ఆ డబ్బు ఇవ్వాలి.

నాలుగేళ్లు నిండాక అయిదో ఏట 240 రోజులు పనిచేసినా చాలని మద్రాసు హైకోర్టు గతంలో తీర్పు ఇచ్చింది. ఆ లెక్కన జులై 19న వెళ్లినా గ్రాట్యుటీ అడగవచ్చు. కొన్ని కంపెనీలు ఇస్తాయి, కొన్ని అయిదేళ్ల మాటే పట్టుకుంటాయి. వాదించి తెచ్చుకోవడం కంటే తేదీ జరుపుకోవడమే తేలిక. ఇక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది. లేఖ అందగానే, నోటీసు కాలం జీతం ఇచ్చేసి ముందే పంపించే హక్కు కంపెనీకి నియామక పత్రంలో రాసి ఉండవచ్చు. అలా రాసి ఉంటే ఆగస్టు 9 అని ఎంత స్పష్టంగా రాసినా ఆ తేదీ నిలబడకపోవచ్చు. అందుకని లేఖ రాసేముందు నియామక పత్రాన్ని బయటికి తీసి ‘90 రోజులు’ అని ఉందా, ‘మూడు నెలలు’ అని ఉందా అన్నది కూడా చూసుకోవాలి. ఈ రెండింటికీ ఒకటి రెండు రోజుల తేడా వస్తుంది.

తేదీ తేలాక రాయాల్సింది కొంచెమే. హైదరాబాద్ కంపెనీల్లో ఈ లేఖ ఇంగ్లిష్‌లోనే వెళ్తుంది. దాని సారం తెలుగులో ఇంతే:

‘సీనియర్ ఇంజనీరుగా నా ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. నియామక పత్రం ప్రకారం నోటీసు గడువు ఈ రోజు, 2026 మే 11 నుంచి మొదలవుతుంది. నా ఆఖరి పనిదినం 2026 ఆగస్టు 9. ఈలోగా నా పనులను మీరు సూచించినవారికి అప్పగిస్తాను. ఈ లేఖ అందినట్టు, ఆఖరి పనిదినం ఖరారైనట్టు రాతపూర్వకంగా తెలియజేయగలరు.’

ఇందులో ఫ్రీలాన్సింగ్ అన్న మాటే లేదని గమనించండి. వెళ్లడానికి కారణం చెప్పాలని చట్టం కోరదు. మేనేజరుతో ముఖాముఖి మాట్లాడేటప్పుడు నిజం చెప్పడం మర్యాద. కానీ లేఖ ఫైల్లో ఉండిపోతుంది. ‘మన క్లయింట్ల రంగంలోనే సొంతంగా పని చేయబోతున్నాను’ అని ఒక ముక్క రాస్తే లీగల్ విభాగం కళ్లు అక్కడే ఆగుతాయి.

పోటీ పని చేయకూడదన్న షరతు ఎంతవరకు నిలుస్తుందన్నది చాలామందిని నిద్రపోనివ్వని ప్రశ్న. దీనికి క్రికెటర్ జహీర్ ఖాన్ కేసు మంచి ఉదాహరణ. ఆయన ప్రచార వ్యవహారాలు చూసిన పర్సెప్ట్ డీమార్క్ సంస్థ ఒప్పందంలో, గడువు ముగిశాక కూడా ఇంకెవరైనా అవకాశం ఇస్తే దాన్ని ముందు తమకు చూపాలన్న షరతు ఉంది. ఒప్పందం ముగిసిన తర్వాత అలాంటి కట్టడి భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం చెల్లదని 2006లో సుప్రీంకోర్టు అంది. 1872 నాటి ఆ సెక్షన్ ఇంజనీరుకూ అండే. ఉద్యోగం వదిలాక ఫలానా పని చేయకూడదని పాత కంపెనీ మామూలుగా ఆపలేదు.

ఉద్యోగంలో ఉన్నంతకాలం మాత్రం ఈ రక్షణ లేదు. 2022 సెప్టెంబరులో విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ, పోటీ సంస్థలకు కూడా పనిచేస్తున్న 300 మందిని గుర్తించి తొలగించామని బహిరంగంగా చెప్పారు. నోటీసు కాలం కూడా ఉద్యోగమే. ఆగస్టు 9 దాకా క్లయింటుతో మాటలు మాట్లాడుకోవచ్చు. డబ్బు తీసుకుని కోడు రాయడం, అదీ ఆఫీసు లాప్‌టాప్‌లో, సెటిల్‌మెంట్ మొత్తాన్నే ప్రమాదంలో పడేస్తుంది. పైగా 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ఉద్యోగంలో భాగంగా రాసిన కోడు యజమానిదే. కొన్ని నియామక పత్రాలు ఉద్యోగ కాలంలో చేసిన ప్రతి పనినీ తమదిగా చెప్పుకుంటాయి. ఇంట్లో రాత్రిళ్లు రాసుకున్న లైబ్రరీని రేపు క్లయింటుకు అమ్మాలనుకుంటే, ఆ షరతును ఈ దశలోనే ఒక లాయరుకు చూపించాలి.

పాత క్లయింటే మొదటి క్లయింట్ అవుతాడని చాలామంది ఆశపడతారు. అక్కడ అడ్డం పడేది తరచూ ఇంజనీరు ఒప్పందం కాదు, క్లయింటు ఒప్పందం. మీ మనుషులను నేరుగా పనిలోకి తీసుకోబోమని క్లయింట్లు ఐటీ కంపెనీకి రాసి ఇవ్వడం మామూలే. మనిషికి స్వేచ్ఛ ఉన్నా, పని ఇవ్వాల్సినవాడికి ఉండదు. ఈ సంగతి తెలియకుండా ఆ ఒక్క క్లయింటును నమ్ముకుని తేదీ పెట్టుకున్నవాళ్లే మొదటి నెలల్లో ఎక్కువ ఇబ్బంది పడతారు. క్లయింట్ తన ఒప్పందాన్ని చూసుకుని సరేనన్నాకే ఆ ఆదాయాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

పోర్టల్‌లో బటన్ నొక్కిన రోజే ఇదే లేఖను మేనేజరుకు, హెచ్ఆర్‌కు ఈమెయిల్ చేసి, వాళ్ల జవాబును ప్రింటు తీసుకోవాలి. ఆఖరి రోజు సాయంత్రం ఆఫీసు మెయిల్ మూతపడుతుంది. లేఖనూ, జీతం పత్రాలనూ దాచుకోవడం తప్పు కాదు. ఆఫీసు ఫైళ్లను సొంత మెయిల్‌కు పంపుకోవడం మాత్రం వేరే కేసు అవుతుంది.

కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా కూడా చాలా చోట్ల ఆ రోజుతోనే ఆగుతుంది. అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీలోకి మారితే ఇప్పటికే గడిచిన వెయిటింగ్ కాలం లెక్కలోకి రావచ్చు. అందుకు గ్రూపు పాలసీ నడుస్తుండగానే దరఖాస్తు చేయాలి. మన ఇంజనీరుకు షుగరున్న తల్లి ఆ పాలసీలో ఉంటే, మే 11న లేఖ ఇచ్చాక ఆమె పేరున జూన్‌లోనే ఆ దరఖాస్తు వెళ్లాలి.