పొదుగు పెట్టెలో తప్పిన రెండు డిగ్రీలు

నాటుకోడి గుడ్లు పొదగడానికి థర్మోకోల్ పెట్టె, బల్బు, చిన్న ఫ్యాను, ఒక ఆర్డుయినో ఊనో బోర్డు చాలు. ఫ్యాను తిరిగే పెట్టెలో 37.5 డిగ్రీల వేడిని 21 రోజులు నిలబెట్టాలి. వేడిని కనిపెట్టేది ఎల్‌ఎం35 అనే మూడు కాళ్ల సెన్సర్. డిగ్రీకి 10 మిల్లీవోల్టుల చొప్పున అది వోల్టేజీ ఇస్తుంది, 37.5 డిగ్రీల దగ్గర 375 మిల్లీవోల్టులు. తెర మీద రోజంతా 37.5 కనిపిస్తున్నా 21వ రోజున పిల్లలు రాకపోతే చాలామంది సెన్సర్ నకిలీదనుకుని కొత్తది కొంటారు. కొత్తది పెట్టినా అదే కథ అయితే తప్పు సెన్సర్‌లో లేదు, దాన్ని చదివే తీరులో ఉంది.

బోర్డు మీద ఉన్న ఏటీమెగా328పీ చిప్‌కు వోల్టేజీ నేరుగా అర్థం కాదు. లోపల ఉన్న ఏడీసీ అనే భాగం దాన్ని అంకెగా మారుస్తుంది. బట్టల కొట్టులోని మీటరు బద్దలాంటిదే అది కూడా. ఆ బద్ద మీద 1024 గళ్లు ఉంటాయి. బద్ద మొత్తం పొడవు ఎన్ని వోల్టులో చెప్పేదే రిఫరెన్స్ వోల్టేజీ. ప్రత్యేకంగా ఏమీ చెప్పకపోతే ఊనో తన సరఫరానే రిఫరెన్స్‌గా తీసుకుంటుంది. ప్రోగ్రాం రాసినవాళ్లు దాన్ని 5 వోల్టులు అనుకుంటారు. కానీ ఫోన్ ఛార్జరు నుంచి, సన్నని యూఎస్‌బీ తీగ గుండా వచ్చేసరికి అది 4.7 కావచ్చు.

బద్ద కురచైతే అదే గుడ్డ ఎక్కువ పొడవు చూపిస్తుంది. 4.7 వోల్టుల బద్దతో కొలిచి 5 వోల్టుల లెక్కన గుణిస్తే, అసలు 37.5 డిగ్రీలు దాదాపు 40గా కనిపిస్తుంది. వేడి ఎక్కువైందని బోర్డు బల్బు ఆపేస్తుంది. తెర మీద 37.5 నిలిచిన వేళ గుడ్ల దగ్గర నిజంగా ఉండేది 35 డిగ్రీల చిల్లర. ఆ చల్లదనంలో పిండం నెమ్మదిగా ఎదుగుతుంది; పిల్లలు ఆలస్యంగా, నీరసంగా వస్తాయి, కొన్ని అసలు రావు. దీన్ని పట్టుకునే గుర్తు ఒకటుంది. రిలే పడి బల్బు వెలిగిన క్షణంలోనే తెర మీద వేడి అర డిగ్రీ ఎగిరిందా? గాలి అంత వేగంగా వేడెక్కదు. రిలే లాగిన కరెంటుకు సరఫరా కుంగి, బద్ద ఇంకాస్త కురచైందన్నమాట.

ఇంకో నష్టమూ ఉంది. 5 వోల్టుల బద్ద మీద ఒక్కో గడి దాదాపు 4.9 మిల్లీవోల్టులు, అంటే దాదాపు అర డిగ్రీ. 375 మిల్లీవోల్టులు కొలవడానికి 1024 గళ్లలో 77 మాత్రమే వాడుకుంటున్నాం. చిప్ లోపలే 1.1 వోల్టుల రిఫరెన్స్ ఉంది. `analogReference(INTERNAL)` అని రాస్తే బద్ద అదే అవుతుంది. అప్పుడు గడి డిగ్రీలో పదో వంతుకు దిగుతుంది, సరఫరా కుంగినా కొలత కదలదు. అయితే 1.1 అన్నది పేరుకే; చిప్‌ను బట్టి అది 1.0 నుంచి 1.2 వరకూ ఎక్కడైనా ఉండవచ్చు. అందుకే ఆ రిఫరెన్స్ ఎంచుకుని ఒకసారి `analogRead` చేయించాక, `AREF` అని రాసి ఉన్న పిన్ను దగ్గర మల్టీమీటరుతో కొలిచి, వచ్చిన అంకెనే ప్రోగ్రాంలో రాసుకోవాలి. మన ఉదాహరణలో అది 1.083 వోల్టులు అనుకుందాం.

రెండో చిక్కు బ్యాటరీ దగ్గర వస్తుంది. కరెంటు పోతే ఆదుకోవడానికి 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. దాని వోల్టేజీని కూడా బోర్డే చూస్తుంది. పన్నెండు వోల్టులను నేరుగా పిన్నుకు ఇవ్వకూడదు కాబట్టి, రెండు రెసిస్టర్లతో పదహారో వంతుకు తగ్గించి ఇస్తారు. బ్యాటరీ వృథాగా ఖర్చవకూడదని ఒకరు కోటీ 50 లక్షల ఓమ్‌లది, 10 లక్షల ఓమ్‌లది వాడారనుకుందాం. పిన్ను దగ్గర 0.75 వోల్టు ఉండాలి. కానీ బోర్డు మాత్రం బ్యాటరీ 9.6 వోల్టులే ఉందని చెబుతుంది!

కారణం తెలియాలంటే ఏడీసీ లోపలికి చూడాలి. అక్కడ 14 పికోఫారడ్‌ల కెపాసిటర్ ఉంటుంది. దాన్ని చిన్న చెంబు అనుకుందాం. కొలిచే ప్రతిసారీ చిప్ ఆ చెంబును పిన్నుకు కలిపి నింపుకుంటుంది, తర్వాత విడదీసి మట్టం చూస్తుంది. ఊనోలో నింపుకోవడానికి దొరికే సమయం సుమారు 12 మైక్రోసెకన్లు. ఇదే శాంప్లింగ్ టైమ్. రెసిస్టర్లు పెద్దవైతే నీళ్లు సన్నని గొట్టంలోంచి వచ్చినట్టే; ఆ అవరోధాన్ని సోర్స్ ఇంపిడెన్స్ అంటారు. ఇక్కడ అది సుమారు 9 లక్షల 40 వేల ఓమ్‌లు. ఆ గొట్టంతో 12 మైక్రోసెకన్లలో చెంబు నిండాల్సిన దానిలో 60 శాతమే నిండుతుంది. పైగా అన్ని పిన్నులకూ చెంబు ఒకటే. అంతకుముందు సెన్సర్‌ను కొలిచినప్పటి 0.375 వోల్టు అందులో మిగిలే ఉంది. అక్కడి నుంచి మొదలై 0.75 చేరేలోపు 0.6 దగ్గర సమయం అయిపోయింది. దాన్ని 16తో గుణిస్తే 9.6.

అనుమానం తీర్చుకోవడానికి ఎల్‌ఎం35ను వేళ్ల మధ్య పట్టుకుని కాస్త చల్లబరచవచ్చు, లేదా వేడి చేయవచ్చు. దానితోపాటు బ్యాటరీ అంకె కూడా కదిలితే పాత నీళ్లు చెంబులో మిగులుతున్నాయని తేలిపోతుంది.

మందు రెండు రకాలు. మొదటిది, పిన్నుకూ గ్రౌండుకూ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టడం. దుకాణంలో 104 అని ముద్ర ఉన్నది అడిగితే ఇస్తారు. చెంబు కంటే 7,000 రెట్లు పెద్దది కాబట్టి అది గుమ్మం ముందు పెట్టిన గంగాళం. చెంబు క్షణంలో నిండుతుంది, గంగాళం మట్టం మారినట్టే ఉండదు. సన్నని గొట్టం దాన్ని తీరిగ్గా పూరిస్తుంది. కొలతల మధ్య సెకనులో పదో వంతు విరామం ఇస్తే సరిపోతుంది; ఆగకుండా తోడుతూ పోతే గంగాళమూ తగ్గుతుంది.

రెండో మందు ఇంకా మంచిది. తయారీదారు డేటాషీట్ చెప్పేది సోర్స్ ఇంపిడెన్స్ 10 వేల ఓమ్‌లు, అంతకంటే తక్కువ ఉండాలని. లక్షా 50 వేల ఓమ్‌లది, 10 వేల ఓమ్‌లది వాడితే అది 9,400 ఓమ్‌లు అవుతుంది. దీనికి బ్యాటరీ చెల్లించేది 75 మైక్రోఆంపియర్లు. ఏడాదికి 0.66 ఆంపియర్ అవర్, అంటే 7 ఆంపియర్ అవర్ బ్యాటరీలో పదో వంతు కూడా కాదు. ఊరికే పడి ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ తనంతట తాను పోగొట్టుకునేది దీనికంటే ఎక్కువ.

ఇంత సరిచేసినా అంకెలు కాస్త వణుకుతాయి. ముఖ్యంగా సెన్సర్ తీగ బల్బు తీగ పక్కనే నడిస్తే, ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ అల దానిలోకి చొరబడుతుంది. ఇక్కడ సగటు పనికొస్తుంది, కానీ ఎలా తీస్తామన్నది ముఖ్యం. వెంటవెంటనే పది కొలతలు తీస్తే మొత్తం ఒక మిల్లీసెకను మాత్రమే గడుస్తుంది. అల పూర్తవడానికి 20 మిల్లీసెకన్లు కావాలి. అల శిఖరం మీద పది కొలతలు తీసి సగటు వేస్తే వచ్చేది శిఖరమే. మిల్లీసెకనుకు ఒకటి చొప్పున 20 తీస్తే ఎగుడూ దిగుడూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

```
long total = 0;
for (int i = 0; i < 20; i++) {
  total += analogRead(A0);
  delayMicroseconds(888);
}
float mV = total / 20.0 * 1083 / 1024;
float temp = mV / 10;
```

ఒక్కో కొలతకు బోర్డు దాదాపు 112 మైక్రోసెకన్లు తీసుకుంటుంది కాబట్టి ఆగే సమయం 888. క్రమం లేని వణుకు విషయంలో 4 కొలతల సగటు దాన్ని సగానికి, 16 కొలతలది నాలుగో వంతుకు తగ్గిస్తుంది. అంతకుమించి సగటు నుంచి ఆశించకూడదు. కురచ బద్దతో వెయ్యిసార్లు కొలిచి సగటు తీసినా అదే తప్పు మరింత నిలకడగా కనిపిస్తుంది.

చివరగా మిగిలేది ఎల్‌ఎం35 సొంత తేడా, అది అర డిగ్రీ, అంతకంటే ఎక్కువ కూడా ఉండవచ్చు. దాన్ని పట్టుకునే సాధనం చాలా ఇళ్లలో ఉంది. జ్వరం చూసే థర్మామీటరు కచ్చితంగా కొలిచేది సరిగ్గా ఈ 37, 38 డిగ్రీల దగ్గరే. సెన్సర్‌ను నీరు తగలకుండా పల్చని ప్లాస్టిక్ కవరులో చుట్టి, రెండింటినీ గోరువెచ్చని నీళ్ల గ్లాసులో పక్కపక్కన ముంచి, నీళ్లు కలుపుతూ అంకెలు చూడాలి. థర్మామీటరు 37.8, తెర 38.2 అంటే ప్రోగ్రాంలో 0.4 తీసేసి, గుడ్లు ఆ తర్వాత పెట్టవచ్చు.